లెక్కలోకొచ్చిన శనివారం

"మీ కాల్ మాకు చాలా ముఖ్యం," అంది ఫోన్లో ఆ రికార్డు గొంతు, ఎన్నోసారో.

"అంత ముఖ్యమైతే ఎత్తి ఏడవచ్చుగా!" అంది చిటపట. రిసీవరు చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి, ఒక చేత్తో టోకెన్లు ఇస్తూ, రెండో చేత్తో కిటికీ రెక్క ఇంకాస్త బార్లా తెరిచింది. ఎదురుగా బెంచీ మీద కూర్చున్న దర్జీ తాత ఉలిక్కిపడి, తననే అన్నదనుకుని బీపీ చీటీ జేబులో దాచుకున్నాడు.

చిటపట అనేది ఆమె పేరు కాదు. ఆ క్లినిక్కి వచ్చే జనం పెట్టుకున్న పేరు. ఎదురుగా అనరు, కానీ ఆమెకు తెలియకుండా ఉండదు. కౌంటర్ మీద చెయ్యి ఆనిస్తే చిటపట, చెప్పు విప్పకుండా లోపలికొస్తే చిటపట, "డాక్టరమ్మ ఉన్నారా?" అని గోడమీద వేళలు రాసున్న బోర్డు పక్కనే నిలబడి అడిగితే ఇక చెప్పనే అక్కర్లేదు. అలాగని ఆమె రాని రోజున జనం నిలవలేరు. ఎవరి చీటీ ఎక్కడుందో, ఎవరికి ఏ మందు పడదో, ఏ ముసలాయన ఏ కూతురికి ఫోన్ చేస్తే తప్ప ఇల్లు చేరడో ఆమెకే ఎరుక. ఇంకోటి కూడా ఉంది. ఆ క్లినిక్‌లో ఏ పిల్లాడు గుక్కపెట్టి ఏడ్చినా తల్లి చేతుల్లోంచి లాక్కుని కౌంటర్ వెనక్కి తీసుకెళ్ళి, తన ఒళ్ళో కూర్చోబెట్టుకుని, రబ్బరు స్టాంపు చేతికిచ్చి, పాత కాగితాల మీద కొట్టించేది. రెండు స్టాంపులు పడేసరికి ఏ పిల్లాడైనా ఏడుపు మరిచిపోయేవాడు. తిట్టే నోరూ ఆమెదే, ఎత్తుకునే చేతులూ ఆమెవే.

ఆ ఎత్తుకోవడమే ఇవాళ ఆమె గుండెల్లో రాయి వేసింది.

ఆ పొద్దున్నే, ఇంకా ఊడ్చిన తడి ఆరకముందే, ఒక తండ్రి రెండేళ్ళ కొడుకుని దుప్పట్లో చుట్టి తెచ్చాడు. గుమ్మంలోనే దుప్పటి కాస్త జారింది. ముఖమంతా ఎర్రటి దద్దుర్లు, కళ్ళు ఎర్రగా నీళ్ళు కారుతున్నాయి. చిటపట కుర్చీలోంచి ఒక్క ఉదుటున లేచి, "అక్కడే ఆగండి! లోపలికి రావద్దు, పక్కసందులోంచి వెనక గుమ్మానికి రండి!" అని అరిచింది. మాస్కు తగిలించుకుని, వెనకగది తలుపు తీసి, వాళ్ళను లోపలికి పంపి, తాను మాత్రం గుమ్మం దాటలేదు.

ఆరేళ్ళుగా ఆ కౌంటర్లో ఉన్న మనిషి. డాక్టరమ్మ నోటెమ్మట "తట్టు" అనే మాట రాకముందే ఆమెకు అనుమానం తగిలింది. తట్టు గర్భిణికి తగిలితే కడుపు నిలవకపోవచ్చని కూడా ఆమెకు తెలుసు. తెలియకపోయినా బాగుండేదనిపించింది. ఎందుకంటే ఆమెకిప్పుడు మూడో నెల.

ఈ సంగతి ఆమెకూ ఆమె భర్తకూ తప్ప నరమానవుడికి తెలియదు. ఇంతకుముందు రెండుసార్లు ఇలాగే నెల తప్పింది. రెండుసార్లూ తెలిసిన రోజే సంబరంగా అందరికీ చెప్పుకుంది. రెండుసార్లూ పోయింది. పోయిన బాధ ఒక ఎత్తు, చెప్పిన ప్రతివాళ్ళకీ మళ్ళీ "లేదండీ, పోయింది" అని చెప్పుకోవాల్సి రావడం ఇంకో ఎత్తు. ఆడపడుచు అయితే నెల తర్వాత కూడా ఫోన్ చేసి "వేవిళ్ళు ఎలా ఉన్నాయి వదినా?" అంది పాపం, ఆమెకెవరూ చెప్పలేదు. అందుకే ఈసారి, "నాలుగో నెల నిండేదాకా మీ అమ్మకైనా చెప్పావో, నీకూ నాకూ మాటలుండవు," అని భర్తకు గట్టిగా చెప్పేసింది. క్లినిక్‌లో సిబ్బంది టీకాల వివరాలు రాసివ్వమని డాక్టరమ్మ అడిగితే కూడా "మా అమ్మనడిగి రాస్తా మేడమ్" అంటూ రోజులు నెట్టేసింది. ఆ కాగితంలో గర్భం ఉందా అనే గడి కూడా ఉంది మరి.

వెనకగదిలో డాక్టరమ్మ తాపీగా పిల్లాడి చెవుల వెనక చూసింది, నోరు తెరిపించి బుగ్గల లోపల టార్చి వేసింది, చొక్కా పైకెత్తింది. ఆవిడ ఏ పనీ తొందరగా చెయ్యదు, గొంతు పెంచదు. చిటపటకు ఆవిడ నిదానం చూస్తే ఒళ్ళు మండుతుంది, ఆవిడకు చిటపట తొందర చూస్తే నవ్వొస్తుంది.

"తట్టులా ఉంది నాయనా. టీకా వేయించారా?"

తండ్రి నీళ్ళు నమిలాడు. "వేయిద్దామనే అనుకున్నామండీ. అప్పుడు జలుబు చేసింది. తర్వాత అలా అలా..."

"సరే. గొంతులోంచి స్వాబ్ తీసి పంపుతాను. ఈలోగా ప్రజారోగ్యం ఆఫీసుకి చెప్పాలి. ఇది చెప్పి తీరాల్సిన జబ్బు."

తండ్రి ముఖం మాడిపోయింది. "అనుమానమే కదండీ? పరీక్ష వచ్చాక చెప్పొచ్చు కదా? ఊరంతా మా ఇంటి పేరు చాటింపు వేస్తారా?"

"అనుమానం చాలు. పరీక్ష వచ్చేదాకా ఆగితే ఈలోపు ఇంకో పదిమందికి అంటుకుంటుంది. మీ పేరు ఆఫీసుకే తెలుస్తుంది, వీధికి కాదు. దద్దుర్లు ఎప్పుడొచ్చాయి?"

"ఇవాళేనండీ. పొద్దున్నే."

గుమ్మం బయటినుంచి వింటున్న చిటపట ఆ మాటకు కళ్ళు మూసుకుంది. తట్టు ఉన్న పిల్లాడు దద్దుర్లు రావడానికి నాలుగు రోజుల ముందునుంచే ఇతరులకు అంటిస్తాడు. ఇవాళ గురువారం. వెనక్కి లెక్కేస్తే ఆదివారం. పోయిన శనివారం ఇదే పిల్లాడు ఉత్త జ్వరం, దగ్గు, ఎర్రకళ్ళతో వచ్చినప్పుడు ఒళ్ళో కూర్చోబెట్టుకుని స్టాంపులు కొట్టించింది ఆమే. కొడుతూ కొడుతూ వాడు ఆమె ముఖం మీదే దగ్గాడు. అయినా ఆదివారం నుంచే కదా లెక్క! శనివారం లెక్కలోకి రాదు. "హమ్మయ్య," అనుకుంది, ఒక గ్లాసు నీళ్ళు గటగటా తాగి ఫోన్ అందుకుంది.

ఆ ఫోనే ఇప్పుడు చెవికి అతుక్కుపోయి ఉంది.

మొదట ఎత్తినవాడు "ఇది జనన మరణాల విభాగం," అన్నాడు. "జనన మరణాలకు మధ్యలో ఉండేవాళ్ళ విభాగం ఏదో దానికి కలపండి!" అంది. వాడు కలిపినచోట ఎవరో ఆవలిస్తూ, "కన్ఫర్మ్ అయిందా? కాలేదా? అయితే అయ్యాక చెయ్యండి," అన్నాడు. చిటపటకు అరికాలి మంట నెత్తికెక్కింది. "అయ్యాక చెయ్యాలంటే మీ ఆఫీసువాళ్ళే మా గోడకి అంటించిన ఈ కాగితంలో అనుమానం రాగానే ఫోన్ చెయ్యమని ఎందుకు రాశారండీ? గోడ అందంగా కనపడుతుందనా?" వాడు గొణుక్కుంటూ ఇంకెక్కడికో కలిపాడు. కలిపింది కాస్తా తెగిపోయింది. కంప్యూటర్లో పంపుదామని చూస్తే, ల్యాబ్ నంబరు గడి నింపకపోతే ముందుకు వెళ్ళనని మొండికేసింది. స్వాబ్ ఇంకా డబ్బాలోనే ఉంది, నంబరు ఎక్కడినుంచి తేవాలి?

"మేడమ్, తల ప్రాణం తోకకొస్తోంది!" అని లోపలికి కేకేసింది.

"ఫోన్ చేస్తూనే ఉండమ్మాయ్. ముందు నోటిమాట చేరితే చాలు, కంప్యూటర్ సంగతి తర్వాత," అంది డాక్టరమ్మ, ఇంకొకరి గుండె వింటూ.

ఆఖరికి ఒక ఆడమనిషి ఎత్తింది. రికార్డు కాదు, ప్రాణమున్న మనిషి. "అంటువ్యాధుల విభాగం, డ్యూటీ నర్సుని. చెప్పండమ్మా."

చిటపటకు ఏడుపొచ్చినంత పనైంది. గబగబా మొదలెట్టింది. ఆ నర్సు గొంతులో ఎత్తూ లేదు, పల్లమూ లేదు. ఒక్కొక్కటే అడుగుతూ రాసుకుంటూ పోయింది. రిపోర్టు చేస్తున్న డాక్టరు పేరు, క్లినిక్ ఫోన్. పిల్లాడి పేరు, పుట్టిన తేదీ, ఆడా మగా. ఉంటున్న ఇల్లు, తల్లిదండ్రుల నంబర్లు. జ్వరం ఏ రోజు, దద్దుర్లు ఏ రోజు, ఇంతకుముందు క్లినిక్‌కి ఎప్పుడొచ్చాడు. దగ్గుందా, కళ్ళెరుపుందా. టీకాలు. ఈమధ్య ఎక్కడికైనా ప్రయాణం చేశారా. శాంపిల్ ఏది తీశారు, ఎప్పుడు తీశారు. ఆసుపత్రిలో ఉన్నాడా, ఇంట్లోనా.

"ఇంట్లోనేనండి. విటమిన్ ఎ ఇచ్చారు, ఎవరినీ కలవనివ్వద్దన్నారు."

"పగలు పిల్లాణ్ణి ఎక్కడ ఉంచుతారు?"

"ఇంటి వెనకవీధిలో పిల్లల్ని చూసుకునే కేంద్రంలో. తల్లీ తండ్రీ ఇద్దరూ పనికి వెళ్తారు."

"ఆఖరిగా ఏ రోజు వెళ్ళాడు?"

"నిన్న, బుధవారం."

కాసేపు కీబోర్డు టకటకలు వినిపించాయి. "దద్దుర్లు ఇవాళ పొద్దున్నే మొదలయ్యాయన్నారు. ఎక్కడెక్కడ ఉన్నాయి?"

చిటపట డాక్టరమ్మ రాసిన చీటీ చూసి చదివింది. "ముఖం, మెడ, ఛాతీ, పొట్ట, మోకాళ్ళ దాకా."

"మోకాళ్ళ దాకానా?" నర్సు గొంతు మొదటిసారి ఆగింది. "తట్టు చెవుల వెనకా, ముఖం మీదా మొదలై మెల్లగా కిందికి దిగుతుందమ్మా. మోకాళ్ళు చేరడానికి మామూలుగా రెండు రోజులైనా పడుతుంది. పొద్దున్న మొదలై పొద్దున్నే అక్కడికి దిగదు. ఆ తేదీ ఒక్కటీ తల్లిని అడిగి చెప్పండి. దాన్ని పట్టుకునే మిగతా లెక్కంతా వేస్తాం. నా డైరెక్ట్ నంబరు రాసుకోండి."

నంబరు రాసుకుంది. రిసీవరు పెట్టేసింది. పెట్టేశాక చెయ్యి ఫోన్ మీదనుంచి తియ్యలేకపోయింది.

రెండు రోజులు వెనక్కి జరిగితే మంగళవారం. మంగళవారం నుంచి నాలుగు రోజులు వెనక్కి వెళితే శుక్రవారం. శుక్రవారం తర్వాత శనివారం. ఇంకేముంది, శనివారం నిక్షేపంగా లెక్కలోకొచ్చి కూర్చుంటుంది.

ఎవరికి తెలుస్తుంది? ఈ ఆలోచన వచ్చిందని ఆమె మీద ఆమెకే కోపం వచ్చింది, అయినా వచ్చింది. తల్లి కూడా "ఇవాళే" అంటుంది. అంటే అన్నదని రాసేస్తే సరిపోతుంది. శనివారం ఎవరూ పట్టించుకోరు, ఎవరూ ఏమీ అడగరు, తన సంగతి తనలోనే ఉంటుంది. బెంచీ మీద దర్జీ తాత దగ్గాడు. ఆమె చటుక్కున తల తిప్పి అటు చూసింది. శనివారం అదే బెంచీ మీద, దర్జీ తాత పక్కనే, మూణ్ణెల్ల పసిగుడ్డుని ఒళ్ళో పెట్టుకుని ఒక బాలింత కూర్చుని ఉంది. ఆ పిల్ల ముక్కు దిబ్బడకి వచ్చింది. దానికి తట్టు టీకా వేసే ఈడు కూడా రాలేదు.

"ఛ! నా బుద్ధికి తెగులు పట్టింది," అని పైకే అని, పిల్లాడి తల్లి నంబరు నొక్కింది.

తల్లి పనిలో ఉన్నట్టుంది, వెనక మిషన్ల హోరు. "ఇవాళేనండీ, మా ఆయన చెప్పారుగా," అంది.

"మీ ఆయన చెప్పింది విన్నాను తల్లీ. మీవాడి ఒళ్ళు చెప్పింది కూడా విన్నాను. రెంటికీ పొంతన లేదు."

"నాకు తెలిసి..."

"నీకు తెలిసింది చెప్పమనే అడుగుతున్నాను! పిల్లాడికి స్నానం పోసింది నువ్వా, నేనా? చెవుల వెనక సబ్బు రుద్దింది ఎవరు?" చిటపట గొంతుకి బెంచీ అంతా నిటారుగా కూర్చుంది. "అవతల పాలు తాగే పసిపిల్ల ఉంది. నువ్వు ఒక్క రోజు అటూ ఇటూ మారిస్తే ఆ పిల్లని ఎవరూ వెతకరు. నిజం చెప్పడానికి నీకేం పోయేకాలం?"

అవతల మిషన్ల హోరు దూరమైంది. తల్లి బయటికి వచ్చినట్టుంది. గొంతు సన్నగా మారింది. "మంగళవారం సాయంత్రం అక్కా. చెవుల వెనక కొంచెమే కనపడ్డాయి. చెమటకాయలనుకున్నాను. అనుకోలేదులే, అలా అనుకుంటే బాగుండుననుకున్నాను. బుధవారం సెలవు పెడితే ఉద్యోగం తీసేస్తామన్నారు. కేంద్రంవాళ్ళు దద్దుర్లుంటే తీసుకోరని ఫుల్ చేతుల చొక్కా వేసి పంపించాను. భయమేసి చెప్పలేదక్కా."

తిట్టడానికి చిటపట నోరు తెరిచింది. నోట్లోకి రావాల్సిన తిట్లన్నీ వచ్చాయి, వరసగా, ఎప్పటిలాగే. ఒక్కటీ బయటికి రాలేదు. భయమేసి చెప్పకపోవడం అంటే ఏమిటో ఆమెకెవరూ నేర్పాల్సిన పని లేదు.

"సరే. మంగళవారం సాయంత్రం. అదే రాస్తాను," అని పెట్టేసింది.

నర్సుకి ఫోన్ చేసేటప్పటికి డాక్టరమ్మ కూడా కౌంటర్ దగ్గరికి వచ్చి, కళ్ళజోడు తుడుచుకుంటూ పక్కనే నిలబడింది. చిటపట స్పీకరు పెట్టకుండా చెవికే ఆనించుకుంది.

"మంగళవారం అన్నమాట," అంది నర్సు. "అయితే శుక్రవారం నుంచీ అంటించే రోజులే. కేంద్రానికి మేమే ఇప్పుడే వెళ్తాం. బుధవారం కలిసిన పిల్లలకి టీకా వేయడానికి ఇంకా టైముంది, మూడు రోజుల్లోపు వెయ్యాలి. మీ క్లినిక్‌కి శనివారం వచ్చాడన్నారు కదా. వాడు వచ్చినప్పటినుంచి, వెళ్ళాక ఇంకో రెండు గంటలదాకా ఆ గాల్లో ఉన్నవాళ్ళు అందరూ కావాలి. ముందు పసిపిల్లలు చెప్పండి."

మూణ్ణెల్ల పిల్ల వివరాలూ, తల్లి నంబరూ చెప్పింది.

"కాన్సర్ మందులు వాడేవాళ్ళు, ఒంట్లో శక్తి బాగా తక్కువున్నవాళ్ళు?"

"ఎవరూ లేరు."

"గర్భిణులు?"

"లేరు," అంది చిటపట. నోరే అంది. మనసింకా ఆ ప్రశ్న దగ్గరికి చేరనేలేదు.

"వచ్చిన రోగుల్లో లేరు. సిబ్బందిలో?"

"సిబ్బందిలో గర్భిణులా?" అంది చిటపట, విన్న మాటనే తిరిగి.

డాక్టరమ్మ కళ్ళజోడు పెట్టుకుని, అలవాటుగా "మన దగ్గర ఎవరూ లేరని చెప్పమ్మాయ్," అంది మెల్లగా.

చిటపట రబ్బరు స్టాంపు వైపు చూసింది. దాని పిడి మీద ఇంకా ఎవరో పిల్లాడి పంటిగాట్లు ఉన్నాయి. పొద్దుటినుంచీ ఎంతమందిని దులిపింది! తేదీ దాచినందుకు ఆ తల్లిని, నీళ్ళు నమిలినందుకు ఆ తండ్రిని, తర్వాత చెయ్యమన్నందుకు ఆ ఆవలింతలవాణ్ణి. ఈ మాట నోరు దాటితే మళ్ళీ అందరికీ తెలిసిపోతుంది. మళ్ళీ పోతే, మళ్ళీ అందరికీ చెప్పుకోవాలి. చెప్పకపోతే, దాచుకున్నందుకే పోవచ్చు.

"ఒకరున్నారు, రాసుకోండి," అంది.

"పేరు?"

తన పేరు చెప్పింది. అసలు పేరు, ఇంటిపేరుతో సహా. ఆ క్లినిక్‌లో ఎన్నాళ్ళుగానో ఎవరూ పిలవని పేరు అది. డాక్టరమ్మ చెయ్యి కళ్ళజోడు మీదే ఆగిపోయింది.

"ఎన్నో నెల?"

"మూడు. ఇంతకుముందు రెండుసార్లు పోయాయి. పిల్లాడు నా ఒళ్ళోనే కూర్చున్నాడు. నా ముఖం మీదే దగ్గాడు. టీకా వేశారో లేదో తెలీదు, మా అమ్మకీ గుర్తులేదు. ఇంకేం కావాలి, అడగండి, అన్నీ చెప్తాను!" గొంతులో కోపం మాత్రం తగ్గలేదు. ఎవరి మీదో తెలియని కోపం.

నర్సు అంతా రాసుకుంది. "వినండమ్మా. గర్భంతో ఉండగా ఆ టీకా వెయ్యరు. ఇవాళే రక్తం ఇవ్వండి, మీలో రక్షణ ఉందో లేదో అర్జెంటుగా పరీక్ష చేయిస్తాను. లేకపోతే యాంటీబాడీల మందు నరంలోకి ఎక్కిస్తారు. అది కలిసిన రోజునుంచి ఆరు రోజుల్లోపు పడాలి. శనివారం కలిశారు కాబట్టి రేపు శుక్రవారమే ఆఖరు. ఆ దద్దుర్ల తేదీ తప్పు పడి ఉంటే, మిమ్మల్ని మేము అడిగేవాళ్ళమే కాదు. శుభాకాంక్షలు చెప్పొచ్చా, ఇంకా ఎవరికీ చెప్పలేదా?"

"మీరే మొదటివాళ్ళు," అంది చిటపట. అన్నాక ఏడ్చేసింది. ఇంతటి శుభవార్త, నోరారా చెప్పుకోవాల్సింది, ముఖం కూడా తెలియని ఆఫీసు మనిషికి తట్టు కేసులో వివరంగా చెప్పుకుంది.

దర్జీ తాత లేచొచ్చి, ఏం జరిగిందో అర్థం కాకపోయినా, తన మంచినీళ్ళ సీసా కౌంటర్ మీద పెట్టాడు. కౌంటర్ మీద ఏదీ పెట్టకూడదని అతనికి తెలుసు. ఆమె ఏమీ అనలేదు. డాక్టరమ్మ ఒక్క మాట కూడా మందలించలేదు. తానే కుర్చీ లాక్కుని, "జరుగమ్మాయ్, రక్తం తీస్తాను," అంది. జీవితంలో మొదటిసారి ఆవిడ ఏదో పని తొందరగా చేసింది.

రక్షణ లేదని మర్నాడు పొద్దున్నే తేలింది. మధ్యాహ్నానికి పెద్దాసుపత్రిలో మంచం మీద, మోచేతికి సూదితో, చుక్కలు చుక్కలుగా దిగుతున్న మందుని గుర్రుగా చూస్తూ పడుకుంది చిటపట. పక్కన భర్త. అతను వాళ్ళమ్మకి చెప్పేశాడు. చెప్పకుండా ఎలా, ఆసుపత్రిలో మంచం అంటే ఏదో ఒకటి చెప్పాలిగా. "నీకూ నాకూ మాటలుండవన్నానా లేదా?" అని గొణిగింది. అతను ఆమె చెయ్యి వదల్లేదు.

ఫోన్ మోగింది. పిల్లాడి తల్లి.

"అక్కా, తట్టేనని తేలిందంట. వాడికి జ్వరం కాస్త తగ్గింది. కేంద్రంలో పిల్లలందరికీ టీకాలు వేశారంట, ఎవరూ నన్ను ఏమీ అనలేదు." తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "ఒక మాట అడగనా? నేను ఆ రోజు అబద్ధం చెప్పినందుకు... ఎవరికైనా ఏమైనా అయ్యిందా?"

చిటపట మందు సీసా వైపు చూసింది. సగం అయింది. ఇంకా సగం ఉంది. ఆ తర్వాత కూడా కొన్ని వారాలు జ్వరమొస్తే భయం, ఒళ్ళు దురద పెడితే భయం, నాలుగో నెలదాకా ఎలాగూ భయం.

"ఇంకా ఏమీ కాలేదు. పిల్లాడికి నీళ్ళు బాగా తాగించు. వాడికి తగ్గాక ఓసారి తీసుకురా, స్టాంపు కొట్టుకుంటాడు," అంది.